గది ఇవ్వొచ్చు, మాట కొనకూడదు

పర్యాటక ప్రాంతాల్లో నాలుగైదు గదులతో హోమ్‌స్టే నడుపుకునేవాళ్ల ఫోన్లకు ఈమధ్య తరచుగా వస్తున్న సందేశం ఒకటుంది. "మీ ప్లేస్ చాలా బాగుందండీ. నేను ట్రావెల్ బ్లాగర్‌ని, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంతమంది ఫాలోవర్లు ఉన్నారు. మూడు రాత్రులు కాంప్లిమెంటరీ స్టే ఇస్తే మీ గురించి పోస్టులు పెడతాను" అని దాని సారాంశం. దీనికి మన దగ్గర వెళ్లే జవాబులు సాధారణంగా రెండే. "తప్పకుండా రండి, మిగతావి వచ్చాక మాట్లాడుకుందాం" అనడం ఒకటి, అసలు జవాబే ఇవ్వకపోవడం రెండోది. రెండూ మొహమాటం లోంచి పుట్టినవే. గుమ్మం దాకా వస్తానన్న మనిషితో లెక్కలు మాట్లాడటానికి మనకు నోరు రాదు. ఈ ఒక్క విషయంలో ఆ మొహమాటాన్ని పక్కన పెట్టి తీరాలన్నది నా వాదన. కాంప్లిమెంటరీ స్టే పేరుతో జరిగేది ఆతిథ్యం కాదు, బేరం. గది ఇచ్చి ప్రచారం కొనుక్కుంటున్నాం. అలాంటప్పుడు ఏం కొంటున్నామో, ఎంతకు కొంటున్నామో, ఏది కొనకూడదో ముందే రాతలో ఉండాలి. బ్లాగర్ చేసే పనిని కొనవచ్చు. బ్లాగర్ అభిప్రాయాన్ని కొనకూడదు. మంచి జవాబులో ఉండాల్సిన షరతులన్నీ ఈ తేడా మీదే నిలబడతాయి.

"వచ్చాక మాట్లాడుకుందాం" అన్నచోట గొడవలు ఎలా మొదలవుతాయో గమనిస్తే అందులో మోసం పాలు తక్కువ, చెప్పుకోకపోవడం పాలు ఎక్కువ అని తెలుస్తుంది. దారి వివరాలు, ధరలు, ఫొటోలతో పెద్ద వ్యాసం వస్తుందని యజమాని అనుకుంటారు. బ్లాగర్ దృష్టిలో పోస్టులంటే ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే నాలుగు స్టోరీలు. ఒక్కరే వస్తారని యజమాని గది సిద్ధం చేస్తే కెమెరా పట్టే స్నేహితుడితో కలిపి ముగ్గురు దిగుతారు. భోజనాలు కూడా కలిపే అని వాళ్లు, టిఫిన్ వరకే అని వీళ్లు. ఆ ఫొటోలను తన బుకింగ్ పేజీలో పెట్టుకోవచ్చని యజమాని అనుకుంటే, దానికి వేరే డబ్బు ఇవ్వాలని బ్లాగర్ అంటారు. ఎవరి ఊహ వాళ్లకు న్యాయంగానే కనిపిస్తుంది. అందుకే స్పష్టమైన షరతులు పెట్టడాన్ని అపనమ్మకంగా చూడనక్కర్లేదు. ఇద్దరి ఊహలూ ఒకటో కాదో ముందే తేల్చుకునే మార్గం అదొక్కటే.

ముందుగా ధర సంగతి. అరకులో ఆరు గదుల హోమ్‌స్టే ఉందనుకుందాం. గది టారిఫ్ రాత్రికి 4,000 రూపాయలు. డిసెంబర్ 27 నుంచి మూడు రాత్రులు, ఇద్దరికి, అన్ని భోజనాలతో కావాలని మే నెలలో ఒక బ్లాగర్ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రతిగా ఒక రీల్, కొన్ని స్టోరీలు పెడతానన్నారు. డిసెంబర్ ఆఖరి వారంలో అరకులో గది ఖాళీగా ఉండే ప్రసక్తే లేదు. ఆ గది డబ్బిచ్చే అతిథికి ఎలాగూ పోతుంది కనుక, ఉచితంగా ఇస్తే పోయేది మూడు రాత్రుల పూర్తి టారిఫ్, అంటే 12,000. ఇద్దరి భోజనాలకు రోజుకు 1,600 చొప్పున మరో 4,800. మొత్తం 16,800 రూపాయలు. అదే గదిని జూలైలో మంగళ, బుధవారాల్లో ఇస్తే? వానల్లో వారం మధ్య ఆ గది ఎటూ తాళం వేసి ఉంటుంది. అప్పుడు అయ్యే ఖర్చు దుప్పట్ల ఉతుకు, శుభ్రం చేసే మనిషి కూలి, కరెంటు, టిఫిన్. అన్నీ కలిపి రాత్రికి 900 అనుకుంటే రెండు రాత్రులకు 1,800. మామూలు అతిథి రెండు రాత్రులు ఉంటే టారిఫ్ 8,000లో ఖర్చు పోను 6,200 మిగులుతుంది. అంటే జూలై బస ఖర్చు రాబట్టుకోవడానికి ఆ పోస్టు చూసి వచ్చే కొత్త అతిథి ఒక్కరు చాలు. డిసెంబర్ బసకైతే ముగ్గురు కావాలి. వాళ్లు మళ్లీ ఖాళీ రోజుల్లోనే రావాలి, ఎందుకంటే డిసెంబర్ గదులు ఏ పోస్టూ లేకుండానే నిండుతాయి. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. తేదీ ఎంపికలోనే బేరం సగం తేలిపోతుంది. పైగా వానాకాలంలో వచ్చిన బ్లాగర్ వానాకాలపు అరకునే చూపిస్తారు. మనకు అతిథులు కావలసింది కూడా ఆ రోజుల్లోనే.

ధర తెలిశాక, ఎదుటివాళ్ల దగ్గర ఉన్న సరుకేమిటో చూడాలి. ఫాలోవర్ల సంఖ్య ఇందుకు పెద్దగా పనికిరాదు. అరకు హోమ్‌స్టేకి కావలసింది విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ నుంచి సెలవులకు బయల్దేరే కుటుంబాలు. ఆ ఊళ్లలో ఎవరూ చూడని ఖాతాకు లక్షల్లో ఫాలోవర్లున్నా మన గది నిండదు. ఇన్‌స్టాగ్రామ్ వృత్తి ఖాతాలకు తమ పోస్టులు ఎంతమందికి చేరాయో, చూసేవాళ్లు ఎక్కువగా ఏ నగరాల వాళ్లో చూపించే పేజీ ఉంటుంది. గత తొంభై రోజుల వివరాలను స్క్రీన్ రికార్డింగ్‌గా పంపమని మర్యాదగా అడగొచ్చు. స్క్రీన్‌షాట్‌లో అంకె మార్చడం తేలిక, రికార్డింగ్‌లో కొంచెం కష్టం. ఆ తర్వాత పాత పోస్టుల కింద కామెంట్లు చదవాలి. "సూపర్", "వావ్" అంటూ అవే పది ఖాతాలు ప్రతి పోస్టు కిందా కనిపిస్తుంటే అది ఒకరికొకరు చేసుకునే సాయం అయ్యుండొచ్చు. "రైలు దిగాక ఆటో దొరుకుతుందా?", "చిన్నపిల్లలతో వెళ్లొచ్చా?", "రూమ్ ఎంత?" అని అడిగేవాళ్లుంటే ఆ ఖాతాను ప్రయాణం పెట్టుకునేవాళ్లు చూస్తున్నారని అర్థం. రీల్‌కు వచ్చే చూపులు చాలావరకు మొదటి కొద్ది రోజులవే. గూగుల్‌లో వెతికితే దొరికే వ్యాసం మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అందుకని సొంత బ్లాగులో నిలకడగా రాసేవాళ్లయితే, వాళ్ల పాత వ్యాసాల్లో ఒకదానికి నెలకు ఎన్ని చూపులు వస్తున్నాయో కూడా అడగాలి.

ఇప్పుడు జవాబు. అరపేజీ దాటనక్కర్లేదు. వాట్సాప్‌లో పంపినా చాలు, మెయిల్ అయితే తర్వాత వెతుక్కోవడం సులువు. మనం అనుకున్న హోమ్‌స్టే నుంచి అది ఇలా వెళ్లొచ్చు:

"నమస్కారమండీ. మీ ప్రతిపాదన చదివాం, మీ పాత పోస్టులూ చూశాం. డిసెంబర్ 20 నుంచి జనవరి 5 వరకు మా గదులు టారిఫ్‌కే ఇస్తాం కనుక మీరడిగిన తేదీల్లో వీలుకాదు. జూలైలో సోమవారం నుంచి గురువారం మధ్య వరుసగా రెండు రాత్రులు, ఇద్దరికి ఒక గది, రెండు రోజుల టిఫిన్, ఒక రాత్రి భోజనం మా తరఫున ఇవ్వగలం. ప్రయాణం, వాహనం, మిగతా భోజనాలు మీ ఖర్చు. ప్రతిగా మీ బ్లాగులో ఒక వ్యాసం, కనీసం పది ఫొటోలతో. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్. రెండూ మీరు వెళ్లిన 21 రోజుల్లోపు పెట్టాలి, ఏడాది పాటు తీసేయకూడదు. బస మేమిచ్చామన్న సంగతి రెండింటిలోనూ మొదట్లోనే, తెలుగులోనే చెప్పాలి. మీ అభిప్రాయం పూర్తిగా మీది, నచ్చనివి కూడా రాయొచ్చు. ధరలు, దారి, ఫోన్ నంబర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి మాత్రం ప్రచురణకు ముందు ఆ వివరాలు మాకు పంపండి. మీ ఫొటోల్లో ఐదింటిని మీ పేరుతో మా పేజీల్లో రెండేళ్లు వాడుకునే అనుమతి ఇవ్వండి. గడువులోపు పోస్టులు రాకపోతే రెండు రాత్రుల టారిఫ్ 8,000 రూపాయలు చెల్లించాలి. వాన వల్ల ఘాట్ రోడ్డు గానీ రైలు గానీ ఆగిపోతే ఎవరికీ నష్టం లేకుండా తేదీ మార్చుకుందాం. ఇవి మీకు సమ్మతమైతే 'ఒప్పుకుంటున్నాను' అని జవాబివ్వండి, గది ఖాయం చేస్తాం."

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం నచ్చనివి కూడా రాయొచ్చన్నది. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలిసిందే. గది మనది, కరెంటు మనది, మళ్లీ మనల్నే తిట్టించుకోవడమా? న్యాయంగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు పాఠకుడి వైపు నుంచి చెప్పాలి. బేరం ఇద్దరి మధ్యే జరిగినా, దాని ఫలితం అనుభవించేది మూడో మనిషి. ఆ పోస్టును నమ్మి పిల్లాపాపలతో బయల్దేరే కుటుంబం అది. వేడినీళ్లు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకే వస్తాయన్న మాట పోస్టులో ఉంటే, అది తెలిసి వచ్చేవాళ్లు సర్దుకుంటారు. ఆ మాట నొక్కేసి పొగడ్త మాత్రమే రాయిస్తే, వచ్చినవాళ్లు పదింటికి బకెట్ పట్టుకుని రిసెప్షన్‌కు వస్తారు, వెళ్లాక ఒక్క స్టార్ ఇస్తారు. పొగడ్త కొన్న ఖర్చు అక్కడ రెండింతలై తిరిగొస్తుంది. కాబట్టి యజమాని అడగదగ్గది నిజాల దిద్దుబాటు వరకే. టారిఫ్ తప్పుగా పడితే మార్చమనొచ్చు. "గది చిన్నదిగా అనిపించింది" అన్నదాన్ని మార్చమనకూడదు.

బస ఉచితమని చెప్పాలన్న షరతు మర్యాద కోసం పెట్టేది కాదు, నిబంధన. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. సోషల్ మీడియాలో సిఫార్సులు చేసేవాళ్ల కోసం వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ప్రత్యేకంగా సూచనలు విడుదల చేసింది. పాఠకులకు వెల్లడించాల్సిన ప్రయోజనాల్లో ప్రయాణాలు, హోటల్ బసలు అందులో పేరుపెట్టి ఉన్నాయి. సిఫార్సు ఏ భాషలో ఉంటే వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలని, వీడియో అయితే చూపులోనూ మాటలోనూ రావాలని ఆ సూచనలు చెబుతాయి. అంటే తెలుగు రీల్ కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో ఒక ఇంగ్లిష్ ముక్క దాచిపెడితే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టం కింద ఉంది. అది బ్లాగర్ ఒక్కరికే కాదు, ప్రకటనదారుకూ వర్తిస్తుంది. గది ఇచ్చి పోస్టు పెట్టించుకున్న యజమాని ఇక్కడ ప్రకటనదారే. "చెబితే జనం నమ్మరు కదా" అని కొందరు సందేహిస్తారు. చెప్పినందువల్ల నమ్మనివాళ్లు కొందరు ఉంటారు, నిజమే. దాచిన సంగతి తర్వాత బయటపడితే ఆ బ్లాగర్ రాసిన ఏ మాటనూ ఎవరూ నమ్మరు, మన పేరు కూడా దాంతోపాటే పోతుంది.

ఇదే కారణంతో రెండు కోరికలు జవాబులో ఉండకూడదు. మొదటిది, గూగుల్ మ్యాప్స్‌లోనో ట్రిప్‌అడ్వైజర్‌లోనో ఐదు స్టార్ల రివ్యూ అడగడం. ఉచితంగా ఏదైనా ఇచ్చి రివ్యూ రాయించుకోవడాన్ని ఆ రెండు సంస్థలూ తమ నియమాల్లో నిషేధించాయి. పట్టుబడితే రివ్యూ తొలగిస్తారు, మన పేజీ మీద ఆంక్షలూ రావచ్చు. రెండోది, బ్లాగులో మన వెబ్‌సైట్‌కు ఇచ్చే లింకు సెర్చ్ ర్యాంకు పెంచేలా ఉండాలని పట్టుబట్టడం. వస్తువులు, సేవలు ఇచ్చి లింకులు సంపాదించడాన్ని గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది. అలాంటి లింకులకు 2019 నుంచి `rel="sponsored"` అనే గుర్తు ఉంది. ఆ గుర్తు పెట్టినా లింకు పనిచేస్తుంది, చదివినవాళ్లు నొక్కి మన పేజీకి వస్తారు. మనకు కావలసింది ఆ మనుషులే. బ్లాగరే ముందుగా ఆ గుర్తు పెడతానని అంటే, తన పని తెలిసిన మనిషని ధైర్యంగా అనుకోవచ్చు.

ఫొటోల షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత ఎక్కువ పేచీ పెట్టేది అదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద తొలి హక్కు సాధారణంగా తీసినవారిది. ఒకరు ప్రతిఫలం ఇచ్చి అడిగి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారికి వెళ్తుంది. ఉచిత బస ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్నది ఎవరికి వాళ్లు తమవైపు వాదించుకోగలరు. ఎన్ని ఫొటోలు, ఎక్కడ, ఎన్నాళ్లు అన్న మూడు మాటలు రాసుకుంటే ఆ వాదన పుట్టదు. అన్ని ఫొటోలూ శాశ్వతంగా మావే అనడం మాత్రం అత్యాశ. రెండు రాత్రుల ఖాళీ గదికి అంత విలువ లేదు. అరకు లాంటి చోట ఇంకో మాట కూడా చేర్చాలి. పక్క గదిలోని అతిథులను, చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లోని మనుషులను, వాళ్ల ఇళ్లను వాళ్ల అనుమతి లేకుండా తీయకూడదు. మన గదిని మనం బేరం పెట్టుకోవచ్చు. పొరుగువాళ్ల ముఖాలు మన బేరంలో భాగం కావు.

పోస్టు రాకపోతే టారిఫ్ కట్టాలన్న షరతు మరీ కఠినమని, ఇలా రాస్తే మంచి బ్లాగర్లు మొహం తిప్పుకుంటారని ఇంకో అభ్యంతరం. వృత్తిగా చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. వాళ్లే తమ ధరలు, ఇచ్చే పోస్టులు, గడువులతో ఒక మీడియా కిట్ తయారుగా పెట్టుకుంటారు. షరతు చూసి వెనక్కి తగ్గేది ఎక్కువగా, పోస్టు పెట్టే ఉద్దేశం గట్టిగా లేనివాళ్లు. కొత్తగా మొదలుపెట్టిన, చూసేవాళ్లు తక్కువగా ఉన్న బ్లాగర్లకు అన్యాయం కదా అంటే, వాళ్లకు తలుపు మూయనక్కర్లేదు, బేరం చిన్నది చేస్తే చాలు. రెండు రాత్రుల బదులు ఒక మధ్యాహ్న భోజనం, తోటలో ఓ పూట, ప్రతిగా ఒక రీల్. లేదా వారం మధ్యలో సగం టారిఫ్. షరతుల కొలత మారొచ్చు, షరతులు రాసుకోవడం మాత్రం ఎవరితోనైనా తప్పదు. ఇంత చిన్న వ్యవహారానికి ఒప్పందమా అనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, స్టాంపు కాగితం ఎవరూ అడగడం లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్న ఒప్పందాన్ని మన ఐటీ చట్టం గుర్తిస్తుంది. వాట్సాప్‌లో "ఒప్పుకుంటున్నాను" అన్న ఒక్క జవాబు తర్వాత ఎంతో పనికొస్తుంది. ఎనిమిది వేల కోసం కోర్టుకు ఎవరూ వెళ్లరు, అది నిజం. రాత అసలు ఉపయోగం గుర్తుచేయడానికి. గడువు దాటిన మర్నాడు ఆ మెసేజ్‌నే మళ్లీ పంపితే చాలాసార్లు పోస్టు వస్తుంది. పెద్ద రిసార్టులు పన్ను సంగతి కూడా చూసుకోవాలి. వృత్తిరీత్యా ఒకరికి ఏడాదిలో ఇచ్చిన ఇలాంటి ప్రయోజనం విలువ 20,000 రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ కట్టాలన్న నిబంధన 2022 జూలై నుంచి ఉంది. టర్నోవర్ కోటి దాటని సొంత వ్యాపారాలకు మినహాయింపు ఉంది కనుక ఆరు గదుల ఇంటికి ఈ బాధ సాధారణంగా ఉండదు.

కుదరదని చెప్పడం కూడా ఒక జవాబే, దానికీ ఒక తీరు ఉంది. 2018 జనవరిలో ఉచిత బస అడిగిన 22 ఏళ్ల బ్రిటిష్ యూట్యూబర్‌కు, డబ్లిన్‌లోని ఒక హోటల్ యజమాని తన జవాబును ఫేస్‌బుక్‌లో బహిరంగంగా పెట్టి ఎగతాళి చేశారు. ఆమె పేరు చెరిపేసినా జనం ఎవరో కనిపెట్టేశారు. ఆమె మీద తిట్ల వాన కురిసింది, హోటల్ మీదా విమర్శలు వచ్చాయి. చివరికి ఆ యజమాని తన దగ్గరికి బ్లాగర్లెవరూ రావద్దని ప్రకటించారు, జరిగిన ప్రచారానికంతా ఆమె పేర 50 లక్షల యూరోలకు పైగా బిల్లు రాసి మరీ ప్రచురించారు. ప్రపంచం నలుమూలలా పేరు పాకింది కదా, అదీ లాభమే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆమె అడిగింది ఒక వ్యాపార ప్రశ్న, అదీ వ్యక్తిగతంగా, మర్యాదగా. ప్రైవేటుగా వచ్చిన ప్రశ్నను నలుగురిలో పెట్టి నవ్వుకునే ఇంట్లో, తన గురించి కూడా రేపు ఏం రాస్తారోనని మామూలు అతిథి కూడా ఆలోచించాల్సి వస్తుంది. "మీ ప్రతిపాదనకు ధన్యవాదాలండీ. ప్రస్తుతం మేం ఉచిత బస ఇవ్వడం లేదు. టారిఫ్‌తో రావాలనుకుంటే వారం మధ్యలో పది శాతం తగ్గిస్తాం" అంటే మూడు వాక్యాల్లో విషయం తేలిపోతుంది, ఎవరి పరువూ పోదు.

హోమ్‌స్టే నడిపేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తర్వాతి సందేశం వచ్చే లోపే ఒక సాయంత్రం కూర్చుని మీ ఖాళీ రోజులేవో, ఆ రోజుల్లో గదికి నిజంగా అయ్యే ఖర్చెంతో లెక్క వేసుకోండి. ఒప్పుకునే జవాబు ఒకటి, కాదనే జవాబు ఒకటి రాసి ఫోన్‌లో పెట్టుకోండి. తేదీ మీద, పని మీద, గడువు మీద ఎన్ని షరతులైనా పెట్టండి. ఎదుటి మనిషి ఏమనుకోవాలన్నదాని మీద ఒక్కటి కూడా పెట్టకండి.